సన్నని నడుము, వెడల్పైన తుంటి: గద్వాల నూలు చీర ఉబ్బకుండా కట్టుకోవడం ఎలా? (అక్కది ఆపిల్ ఆకారం, ఆమె జాకెట్టు సంగతి కూడా)

నల్లగొండ ఆడబిడ్డ (నల్లగొండ)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా పినతండ్రి గారి ఇంట్లో పెళ్ళి ఉంది. ఆవాల రంగు నూలు ఒడలు, మెరూన్ పట్టు అంచు ఉన్న గద్వాల చీర కొన్నాను. నా కొలతలు చెబితేనే సలహా ఇవ్వడం వీలవుతుంది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఛాతీ 34, నడుము 29, తుంటి 42 అంగుళాలు. భుజాలు కాస్త ఇరుకు. అంటే పియర్ ఆకారమే. పట్టు చీరలు నాకు బాగానే కుదురుతాయి, కానీ ఇలాంటి నూలు చీర కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ళకు ఇరుపక్కలా గుడ్డ గుబురుగా నిలబడి, తుంటి ఉన్నదానికంటే రెండింతలుగా కనబడుతుంది. ఎన్ని పిన్నులు పెట్టినా అంతే. కట్టులో ఏం మార్చాలి, జాకెట్టు ఎలా కుట్టించాలి?

మా అక్క మిర్యాలగూడలో ఉంటుంది. ఆమెది నాకు పూర్తిగా వ్యతిరేకం, ఛాతీ, పొట్ట దగ్గరే వెడల్పు. ఆమె కూడా ఇక్కడే రాస్తానన్నది.

సూర్యాపేట సరదా (సూర్యాపేట)

చెల్లెమ్మా, తుంటి వెడల్పుగా ఉన్నవారు అసలు నూలు చీర జోలికే పోకూడదు. ముదురు రంగు జార్జెట్ కట్టుకోండి, ఒంటికి అతుక్కుని సన్నగా కనబడతారు. తప్పదంటే కుడి భుజం మీదుగా ముందుకు వేసుకునే పైట వేసుకోండి, అది అన్నింటినీ కప్పేస్తుంది. జాకెట్టుకు ప్రిన్సెస్ కట్ తప్ప ఇంకేదీ వద్దు. మీ అక్క గారికి కూడా ఇదే సలహా.

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

సూర్యాపేట చెల్లెలు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. జార్జెట్ ఒంటి మీద వాలుతుంది, నూలు నిలబడుతుంది, అంతవరకు సరే. కానీ ఒంటికి అతుక్కునే గుడ్డ తుంటి గీతను దాచదు, ఉన్నది ఉన్నట్టు గీసి చూపిస్తుంది. పియర్ ఆకారానికి మెత్తగా వాలుతూనే తుంటి దగ్గర కొంచెం ఎడంగా ఉండే గుడ్డ మేలు. గద్వాల నూలు సరిగ్గా కడితే అలాగే ఉంటుంది. ఇక ముందుకు వచ్చే పైట ఛాతీ మీదుగా తొడల దాకా వేలాడుతుందే తప్ప, పక్కలకు ఉబ్బిన గుడ్డను అది ఏమీ చేయలేదు.

నల్లగొండ ఆడబిడ్డ గారి ఇబ్బందికి కారణం చీర పైన కాదు, చీర లోపల ఉంది. ముందు లంగా సంగతి చూడండి. బజారులో దొరికే బొందు లంగాను తుంటి మీదుగా ఎక్కించాలి కాబట్టి, దాని పై చుట్టు కనీసం 42 అంగుళాలు ఉండి తీరుతుంది. దాన్ని 29 అంగుళాల నడుముకు లాగి కడితే 13 అంగుళాల గుడ్డ ముడతలు పడి నడుము చుట్టూ చేరుతుంది. దాని మీద చీర మొదటి చుట్టు వస్తుంది. చీర నిలువుగా నేసిన సూటి గుడ్డ కదా, అది తుంటి దగ్గర సరిపోతే నడుము దగ్గర మరో 13 అంగుళాలు మిగులుతుంది. ఆ మిగులు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. మనం పట్టించుకోకపోతే అది ముందుకు జరిగి కుచ్చిళ్ళ పక్కన నిలబడుతుంది. మీరు పిన్నులు పెడుతున్నది ఆ గుబురుకే. పిన్ను దాన్ని పక్కకు నెడుతుంది, తీసివేయలేదు.

అందుకని ముందుగా ఆరు ముక్కల లంగా కుట్టించుకోండి. ఒక్కో ముక్క నడుము దగ్గర 5 అంగుళాలు, అక్కడి నుంచి 8 అంగుళాల కింద, అంటే తుంటి దగ్గర 7 పావు, అడుగున 12 అంగుళాలు ఉండాలి, కుట్టుకు పోయేది దీనికి అదనం. అప్పుడు నడుము చుట్టు 30, తుంటి చుట్టు 43న్నర, అడుగు ఘేరు 72 వస్తాయి. నడక ఇబ్బంది కాదు. ఎడమ పక్క 8 అంగుళాల చీలిక పెట్టించి హుక్కు వేయించాలి, లేకుంటే లంగా తుంటి దాటి ఎక్కదు. బొందు కూడా ఉంచండి, హుక్కు ఒక్కదాని మీద చీర బరువు వేయకూడదు.

గద్వాల మగ్గం (గద్వాల)

మాది నేత కుటుంబం కాబట్టి చీర గురించి ఒక మాట. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. ఒడలు తేలిక, అడుగున పట్టు, జరీ ఉన్న అంచు బరువు. ఈ బరువు మీకు మేలే చేస్తుంది, కుచ్చిళ్ళను కిందికి లాగి నిలువుగా ఉంచుతుంది. ఇబ్బంది పైభాగంలోనే వస్తుంది, ఎందుకంటే కొత్త నూలు పడుగుకు నేసే ముందు పట్టించిన గంజి ఇంకా పోకుండా ఉంటుంది. కొత్త చీరను మడత విప్పి నేరుగా పెళ్ళికి కట్టుకుంటే అది గుబురుగానే నిలబడుతుంది.

అలాగని ఇంట్లో నానబెట్టవద్దు. మెరూన్ అంచు రంగు ఆవాల రంగు ఒడలులోకి దిగితే తీసేవారు లేరు. ఒకసారి డ్రై వాష్‌కు ఇచ్చి, గంజి పెట్టవద్దని గట్టిగా చెప్పండి. వాళ్ళు అలవాటుగా పెట్టేస్తారు. ఆ తర్వాత రెండు మూడు సార్లు ఇంట్లో కాసేపు కట్టుకుని తిరిగితే గుడ్డ మెత్తబడుతుంది. ఇస్త్రీ ఎప్పుడూ లోపలి వైపు నుంచి, జరీ మీద పలుచని గుడ్డ వేసి చేయాలి.

అచ్చంపేట గృహిణి (అచ్చంపేట)

నాకు కూడా ఇదే సమస్య. రెండో కాన్పు ఆపరేషన్ తర్వాత పొట్ట కింద మడత పడింది, సరిగ్గా కుట్టు ఉన్నచోటే బొందు పడి సాయంత్రానికి ఎర్రగా కమిలిపోతుంది. ఎత్తు తక్కువ కాబట్టి పెద్ద అంచు చీరలు కట్టవచ్చా అని కూడా అడగాలనుకుంటున్నాను. రోజూ పొద్దున నడిస్తే తుంటి తగ్గుతుందని మా ఆడపడుచు అంటోంది, అది నిజమేనా?

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

అచ్చంపేట చెల్లెమ్మా, ఇక్కడ అడిగింది తుంటి తగ్గించుకోవడం గురించి కాదు, ఉన్న తుంటికి చీర కట్టడం గురించి. నడక సంగతి వేరే చోట మాట్లాడుకుందాం. కుట్టు మీద బొందు పడటం మాత్రం మంచిది కాదు. సన్నని బొందుకు బదులు రెండు అంగుళాల వెడల్పు పట్టీ ఉన్న లంగా కుట్టించుకుని, దాన్ని కుట్టుకు పైన, బొడ్డు దగ్గర కట్టుకోండి. కమలడం అప్పటికీ తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించండి. అంచు ఆరు అంగుళాలు దాటితే మీ ఎత్తుకు కాలు పొట్టిగా కనబడుతుంది, మూడు నాలుగు అంగుళాలు చాలు.

నల్లగొండ ఆడబిడ్డ (నల్లగొండ)

అక్కా, లంగా లెక్క అర్థమైంది. మరి చీర మొదటి చుట్టులో మిగిలే 13 అంగుళాలను ఎక్కడ దాచాలి? ఇంకొకటి, నాకు కుచ్చిళ్ళు ఐదే వస్తున్నాయి. తుంటి పెద్దది కావడం వల్ల గుడ్డ సరిపోవడం లేదేమో అనుకుంటున్నాను.

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

గుడ్డ సరిపోకపోవడం కాదు. లెక్క వేసి చూద్దాం. చీర పొడవు 5న్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. మొదటి చుట్టుకు తుంటి 42, వదులు 2 కలిపి 44 పోతాయి. కుచ్చిళ్ళ తర్వాత ఎడమ పక్క నుంచి వీపు మీదుగా కుడి తుంటి దాకా ముప్పావు చుట్టు, 32. కుడి తుంటి నుంచి ఛాతీ మీదుగా ఎడమ భుజానికి 29. భుజం వెనుక కొంగు మోకాలి కింది దాకా వేలాడటానికి 40. మొత్తం 145. మిగిలేది 71 అంగుళాలు. ఐదు అంగుళాల కుచ్చిళ్ళయితే ఒక్కోదానికి 10 అంగుళాలు పడుతుంది, ఏడు కుచ్చిళ్ళు ఖాయంగా రావాలి. మీకు ఐదే వస్తున్నాయంటే కొంగు దాదాపు నేల దాకా వదులుతూ ఉండాలి, లేదా కుచ్చి వెడల్పు ఏడు అంగుళాల దాకా పట్టి ఉండాలి. ఏడు అంగుళాల కుచ్చి మీకు అసలే పనికిరాదు, తుంటి ముందు అది పలకలా నిలబడుతుంది. మీ తుంటి ఇంకో నాలుగు అంగుళాలు పెద్దదైనా కుచ్చిళ్ళలో తగ్గేది ఏడు అంగుళాల గుడ్డే, అంటే ఒక కుచ్చి కూడా పూర్తిగా పోదు.

ఇక మిగులు గుడ్డ. మొదటి చుట్టు వీపు వెనుకకు రాగానే, నడుము వెనుక పల్లంగా ఉండే చోట వెన్నెముకకు అటొకటి ఇటొకటి చిన్న మడతలు పెట్టండి. ఒక్కో మడత లోతు ఒకటిన్నర అంగుళం ఉంటే రెండింటిలో ఆరు అంగుళాలు పోతాయి. పియర్ ఆకారం వారికి అక్కడ సహజంగానే పల్లం ఉంటుంది కాబట్టి ఆ మడతలు పైకి తెలియవు. తుంటి ఎముకల మీద, అంటే పక్కలకు, ఎట్టి పరిస్థితిలోనూ మడత పెట్టవద్దు. మిగిలిన ఏడు అంగుళాలను ముందు వైపు, కుచ్చిళ్ళు వచ్చే చోట వాటి కిందికి పోయేటట్టు పరచండి. రెండో చుట్టు వీపు దాటాక పైకి ఏటవాలుగా పోతుంది కాబట్టి అందులో మిగులు అంతగా ఉండదు.

ఏడు కుచ్చిళ్ళంటే పద్నాలుగు పొరల గుడ్డ. అన్నింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి దోపితే బొడ్డు దగ్గర గట్టు లేస్తుంది. పైన ఒక్కో కుచ్చిని పావు అంగుళం ఎడమకు జరుపుతూ మెట్లలాగా దోపండి, కింద అంచులు మాత్రం ఒకే గీతలో ఉండాలి. బొడ్డుకు కొద్దిగా ఎడమగా మొదలుపెట్టి, మడతలు ఎడమ వైపు చూసేటట్టు ఉంచండి. దోపిన చోటికి ఐదు అంగుళాల కింద, పై కుచ్చికి తగలకుండా లోపలి పొరలకు మాత్రమే ఒక సన్నని పిన్ను పెడితే నడిచేటప్పుడు విచ్చుకోవు.

బాగా వచ్చిందో లేదో అద్దంలో ముందు నుంచి చూస్తే తెలియదు. పక్కకు తిరిగి నిలబడి చూడండి. కుచ్చిళ్ళు నడుము నుంచి పాదం దాకా ఒకే గీతలో దిగాలి. మధ్యలో పొట్ట కింద గొడుగులా విచ్చుకుంటే మొదటి చుట్టు వదులైందని అర్థం. తుంటి మీద అడ్డంగా గీతలు పడితే చుట్టు బిగువైంది, ఇంకో అంగుళం వదలాలి.

కొల్లాపూర్ పెద్దమ్మ (కొల్లాపూర్)

ఇవన్నీ వింటుంటే మా కాలం గుర్తుకు వస్తోంది. మా అత్తగారు తొమ్మిది గజాల చీర గోచీ పెట్టి కట్టేవారు, లంగా అన్నదే లేదు. తుంటి ఎంత ఉన్నా గుబురు కనబడేది కాదు, ఎందుకంటే మిగులు గుడ్డంతా కాళ్ళ మధ్య నుంచి వెనక్కి పోయి నడుము పల్లంలోనే దోపుడు పడేది. టైలరమ్మ చెప్పిన వెనుక మడతలు చదివినప్పుడు నాకు అదే తోచింది. ఇప్పటి ఐదున్నర మీటర్ల చీరతో గోచీ కుదరదు, కట్టవద్దు.

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

పెద్దమ్మ మాట నిజం. జాకెట్టు గురించి కూడా చెప్పి ముగిస్తాను. పియర్ ఆకారానికి జాకెట్టు చేయవలసిన పని భుజాలను కాస్త విప్పి చూపడమే. మెడ లోతుగా కాకుండా వెడల్పుగా, పడవ ఆకారంలో పెట్టించండి. భుజం మీద కనీసం రెండు అంగుళాల గుడ్డ ఉండాలి, లేకపోతే జారుతుంది. చేతులు మోచేతి దాకా ఉంటే మంచిది. చేతి అంచు ఎక్కడ ఆగితే చూపు అక్కడ ఆగుతుంది, మోచేయి నడుము ఎత్తులోనే ఉంటుంది, మీకు సన్నగా ఉన్నది అక్కడే కదా. మెరూన్ పట్టు అంచును చేతులకు వేయించండి. చేయి పైన చిన్న బుట్ట పెట్టవచ్చు, పెద్ద బుట్ట వద్దు, మీ ఎత్తుకు తల చిన్నదిగా కనబడుతుంది. పైటను భుజం మీద నాలుగు అంగుళాల మడతలతో పిన్ను చేయండి. ఒంటి పొరగా వదిలేస్తే అది తుంటి పక్కన వేలాడి అక్కడే వెడల్పు పెంచుతుంది.

మిర్యాలగూడ టీచరు (మిర్యాలగూడ)

నేనే ఆ అక్కను. నా ఛాతీ 42, ఛాతీ కింద 37, అక్కడికి ఒకటిన్నర అంగుళం కింద 40. నడుము, తుంటి దాదాపు సమానం, 41 ఉంటాయి. పొట్ట కనబడకూడదని జాకెట్టు పొడవు 15 అంగుళాలు పెట్టిస్తాను. బడిలో బోర్డు మీద రాయడానికి చేయి ఎత్తితే చాలు, జాకెట్టు పైకి లేచి అక్కడే ఉండిపోతుంది. మా ఊరి దర్జీ ఇంకా పొడవు పెంచుదామంటున్నారు. నారాయణపేట నూలు చీరలే రోజూ కడతాను. సూర్యాపేట గారు చెప్పిన ప్రిన్సెస్ కట్ నాకు పనికివస్తుందా?

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

టీచరమ్మా, పొడవు పెంచితే ఇంకా లేస్తుంది. మీ ఒంట్లో ఇరుకైన చోటు ఛాతీ కింద 37 దగ్గర ఉంది, మీ జాకెట్టు పట్టీ మాత్రం దానికి కింద, 40 ఉన్న చోట ఆగుతోంది. దర్జీ ఛాతీ కింద కొలతనే పట్టీకి వాడి ఉంటారు. 37కు కోసిన పట్టీ 40 మీద నిలవలేదు, కదలిక రాగానే ఇరుకైన చోటికి ఎగబాకుతుంది. చేయి దించినా తిరిగి దిగదు. లేచినప్పుడు ఛాతీ కింద గుడ్డ మడత పడుతోందేమో చూసుకోండి, పడితే కారణం ఇదేనని నిర్ధారణ.

రెండు దారులున్నాయి. ఒకటి, పొడవు 13న్నరకు తగ్గించి పట్టీని 37 దగ్గరే ఆపడం. అప్పుడు పొట్టను కప్పే పని చీరది. రెండోది, పొడవు 15 ఉంచి, పట్టీ ఆగే చోట వేరుగా కొలత తీసి, 40కి అర అంగుళం వదులు ఇచ్చి, ఇరుపక్కలా అంగుళం చీలిక పెట్టడం. రోజూ చేయి ఎత్తే పని ఉన్నవారికి నేను మొదటిదే కుడతాను. చేయి ఎత్తినప్పుడు లాగడానికి ఇంకో కారణం చంక లోతు. చంక కిందికి దిగిన కొద్దీ చేయితో పాటు జాకెట్టు మొత్తం లేస్తుంది. వదులుగా ఉంటే హాయి అని చాలామంది లోతు పెంచమంటారు, జరిగేది దానికి విరుద్ధం.

ప్రిన్సెస్ కట్ మీకు కుదురుతుంది. ఛాతీకీ, దాని కిందికీ ఐదు అంగుళాల తేడాను భుజం వైపు నుంచి పట్టీ దాకా పోయే ఒక్క కుట్టులో సాఫీగా పంచుతుంది. అయితే పోచంపల్లి లాంటి పెద్ద నమూనా గుడ్డలో ఆ కుట్టు నమూనాను మధ్యకు నరుకుతుంది. అలాంటి గుడ్డకు క్రాస్ కటింగ్ వేసి లైనింగ్ పెట్టించండి. మెడ ముందు వైపు ఏడు అంగుళాల లోతున కోణంగా దిగితే మెడ పొడవుగా కనబడుతుంది. వీపు మాత్రం లోతు వద్దు, కండ ఆ అంచున మడత పడుతుంది.

గద్వాల మగ్గం (గద్వాల)

నారాయణపేట చీర ఎంచుకునేటప్పుడు గడుల పరిమాణం చూడండి. పెద్ద గడి పొట్ట వంపు మీద వంకరపోయి, వంపు ఎంత ఉందో చెప్పేస్తుంది. చిన్న గడి లేదా సాదా ఒడలు తీసుకుని, అంచు రంగు మాత్రం గాఢంగా ఉండేది చూసుకోండి. ముందు వైపు ఏటవాలుగా పోయే ఆ అంచు గీత ఒకటి ఉంటే చూపు దాని వెంట పోతుంది.

మిర్యాలగూడ టీచరు (మిర్యాలగూడ)

ఆ ఏటవాలు గీత నాకు ఎప్పుడూ నిలవదు. పైట పొట్ట మీద అడ్డంగా ముడతలు పడి కూర్చుంటుంది. ఇంకో సందేహం, లంగా పొట్ట పైన కట్టాలా, కింద కట్టాలా?

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

అడ్డ ముడతలు పడటానికి కారణం, భుజం మీద పిన్ను పెట్టాక మిగిలిన గుడ్డను ముందు వదిలేయడం. భుజం పిన్ను పెట్టిన తర్వాత పైట కింది అంచును కుడి తుంటి దగ్గర పట్టుకుని వెనుకకు లాగి, మిగిలిన గుడ్డను వెనుక ఎడమ వైపు ఒక మడతగా దోపండి. పైట మడతలు ఛాతీ దగ్గర విప్పి, భుజం మీద దగ్గరగా ఉండాలి. మీకు తుంటి, నడుము సమానం కాబట్టి మీ చెల్లెలిలా మొదటి చుట్టులో మడతలు పెట్టే పని లేదు.

లంగా విషయంలో నేను బొడ్డు మీదే కట్టమంటాను, వెడల్పు పట్టీతో. పొట్ట కింద కడితే పై భాగం బొందు మీదుగా జారి ఇంకా ముందుకు కనబడుతుంది.

కొల్లాపూర్ పెద్దమ్మ (కొల్లాపూర్)

ఇక్కడ నేను ఒప్పుకోను తల్లీ. నాది కూడా ఆపిల్ ఒళ్ళే. బొడ్డు మీద కడితే కూర్చుని లేచేసరికి జారుతుంది, పట్టుకోవడానికి నడుము అన్న పల్లం ఉంటే కదా. పెళ్ళిళ్ళలో పంక్తి భోజనానికి కింద కూర్చుంటే తిండి కూడా సహించదు. పొట్ట కింద, తుంటి ఎముక మీద కడితే రోజంతా కదలదు. చూడటానికి ఎలా ఉంటుందన్నది మీ ఇష్టం.

సూర్యాపేట సరదా (సూర్యాపేట)

పెద్దమ్మ వైపే నేను. కానీ చేతుల సంగతి టైలరమ్మ గారు చెప్పలేదు. చెల్లెలికి మోచేతి దాకా అన్నారు, టీచరు గారికి కూడా అదేనా? మీ లెక్క ప్రకారం చూపు మోచేతి దగ్గర ఆగితే, ఆమెకు అక్కడ ఉన్నది పొట్టే.

పాలమూరు టైలరమ్మ (మహబూబ్‌నగర్)

మంచి ప్రశ్న అడిగారు. అందుకే ఆమెకు మోచేతికి రెండు అంగుళాల పైన ఆపుతాను. చేయి లావుగా ఉన్నవారు అంత పొట్టి చేయి ఇష్టపడరు, వారికి మోచేయి దాటించి ముంజేతి సగం దాకా పెడతాను. చేయి చుట్టుకు మాత్రం ముప్పావు అంగుళం వదులు తప్పదు. టీచరమ్మకు ఏది నప్పుతుందో చేయి కొలత తెలియకుండా చెప్పలేను.

మిర్యాలగూడ టీచరు (మిర్యాలగూడ)

చేయి చుట్టు 14 అంగుళాలు. మొదట 13న్నర పొడవుతో ఒక మామూలు నూలు జాకెట్టు కుట్టించి, బడికి వేసుకుని చూస్తాను. లంగా మాత్రం ఈ ఆదివారం బొడ్డు మీద ఒక పూట, పొట్ట కింద ఒక పూట కట్టి చూసి ఇక్కడే రాస్తాను.

నల్లగొండ ఆడబిడ్డ (నల్లగొండ)

చీర డ్రై వాష్‌కు ఇచ్చి వచ్చాను, గంజి వద్దని చీటీ మీద రాయించాను. ఆరు ముక్కల లంగాకు ఇక్కడి దర్జీ రెండున్నర మీటర్ల పాప్లిన్ తెమ్మన్నారు. ముక్కలను ఒకదానికొకటి తలకిందులుగా పెట్టి కోస్తే అది సరిపోతుందా అక్కా, లేక మూడు మీటర్లు తేవాలా?